గుడ్లగూబ, దిష్టికుండ, నెలవంక: పిల్లల కథ రాయడం గురించి

ప్రశ్న: *మాది విజయవాడ. మా పాపకు ఏడేళ్లు. స్కూల్లో కథ చెప్పే పోటీ పెట్టారు, ఐదు నిమిషాలు టైమ్. చంద్రుడు రోజుకో ఆకారంలో ఎందుకు కనిపిస్తాడో ఒక గుడ్లగూబ కనుక్కునే కథ రాద్దామని మొదలుపెట్టాను. భూమి నీడ పడి చంద్రుడు సన్నబడతాడని రాశాను. మా వారు అది తప్పంటున్నారు, కానీ సరైనదేంటో పిల్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నారు. ఈ కథ ఎలా రాయాలి?*

అమ్మా, మీ వారి మాటే నిజం. భూమి నీడ చంద్రుడి మీద పడితే అది గ్రహణం. నెలవంకకు, అర్ధచంద్రుడికి ఆ నీడతో సంబంధం లేదు. చంద్రుడిలో సూర్యుడి వైపున్న సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలిగే సగంలో మనకు ఎంత భాగం కనిపిస్తుందన్నదే రోజూ మారుతుంది. మీ కథంతా ఈ రెండు వాక్యాలే. వీటిని ఎవరో గుడ్లగూబ చెవిలో చెప్పకూడదు, అది తన కళ్లతో చూసి తెలుసుకోవాలి. ముసలి కొంగ తాత వచ్చి పాఠం చెప్పి వెళ్లిపోయే కథలు నేను చాలా చదివాను, మొదట్లో నేనూ రెండు రాశాను. వాటిలో పిల్లలకు కొంగ గుర్తుంటుంది, చంద్రుడు గుర్తుండడు.

గుంటూరు వైపు హైస్కూళ్లలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలకు కథలు చెబుతుంటాను. మీరు అడిగిన కథ నా దగ్గర ఒకటుంది, ఎన్నోసార్లు చెప్పి, పిల్లలు అడిగిన ప్రశ్నలకు తగ్గట్టు మార్చుకుంటూ వచ్చినది. ముందు కథ ఇస్తాను. ఏది ఎందుకు అలా పెట్టానో తర్వాత చెబుతాను.

తిప్పాయి చూసిన కుండ

గుంటూరు దగ్గర ఒక మిరప కళ్లం. కళ్లం పక్కన తల విరిగిన తాటి మోడు. ఆ మోడు తొర్రలో ఒక చిన్న గుడ్లగూబ ఉండేది. దాని పేరు తిప్పాయి. ఎందుకంటే అది కళ్లు తిప్పలేదు. ఏం చూడాలన్నా తల తిప్పాల్సిందే. కదలకుండా కూర్చుని ముందు చూసేది, పక్కకు చూసేది, వెనక్కీ చూసేది.

తిప్పాయికి ఒక అనుమానం. పున్నమి నాడు చంద్రుడు ఇంత గుండ్రంగా ఉన్నాడు కదా, ఐదారు రోజులకే ఒక పక్క ఎవరో కొరికినట్టు అయిపోయాడేంటి?

"ఎలుకలే!" అనుకుంది. కళ్లంలో గోనె సంచులు కొరికేది ఎలుకలు, చేలో గట్లు తొలిచేది ఎలుకలు. చంద్రుణ్ణి మాత్రం వదులుతాయా? సరే, దొంగను పట్టుకుందామని రాత్రంతా మేలుకుంది. దానికి మేలుకోవడం కష్టమేం కాదు కదా!

చంద్రుడు రోజు రోజుకూ ఆలస్యంగా వచ్చాడు. సగమైపోయిన రోజున అర్ధరాత్రి దాటేదాకా రాలేదు. ఆ తర్వాత ఇంకా ఆలస్యం, ఇంకా సన్నం. ఒకరోజు తెల్లవారుజామున, కోడి కూసే వేళకు, తూర్పున గోరంత వంక వచ్చింది. వెనకాలే సూర్యుడు వచ్చేశాడు. తిప్పాయికి నిద్ర ముంచుకొచ్చింది. మర్నాడు చంద్రుడే లేడు.

"తినేశాయి! మొత్తం తినేశాయి!" అని తిప్పాయి కీచుగా అరిచింది.

రెండు రోజులు పోయాక సాయంత్రం నిద్ర లేచి చూస్తే, పడమట సూర్యుడు మునిగిన చోటికి కొంచెం పైన మళ్లీ గోరంత వంక. ఎలుకలు కొరికిన గారె మళ్లీ పెరుగుతుందా? పెరగదు. అయితే ఎలుకలు కావు. మరేంటి?

రోజులు గడిచాయి. వంక లావెక్కి సరిగ్గా సగమైంది. ఆ సాయంత్రం చిట్టి వాళ్ల నాన్న చేలో పెట్టడానికి దిష్టికుండ తయారు చేస్తున్నాడు. కుండకు సున్నం పూసి, కర్రకు బోర్లించి, చిట్టి చేతికిచ్చాడు.

"సున్నం పచ్చిగా ఉంది. ఆరేదాకా కింద పెట్టకు. ఆరాక మసి బొట్లు పెడదాం."

ఎంతసేపని నిలబడుతుంది చిట్టి? కర్ర పైకెత్తి పట్టుకుని తాటి మోడు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. మోడు మీద తిప్పాయి కూర్చుని ఉంది. సూర్యుడు పడమట చెట్ల మీదికి దిగి, పండు మిరపకాయలా ఎర్రగా ఉన్నాడు.

చిట్టి ముందు పడమటి వైపు నిలబడింది. ఆమె వెనక సూర్యుడు, చేతిలో కుండ. తిప్పాయికి కుండ నల్లగా కనిపించింది. "సున్నం పూశారన్నారే, మసి పూసినట్టుందేంటి?" అనుకుంది.

చిట్టి దక్షిణం వైపు నాలుగడుగులు వేసింది. కుండకు సూర్యుడి వైపు అంచున సన్నటి తెల్లని వంక కనిపించింది. తిప్పాయి తల తిప్పింది. ఇంకో నాలుగడుగులు. వంక లావెక్కింది. చిట్టి సరిగ్గా దక్షిణానికి వచ్చేసరికి కుండలో పడమటి వైపు సగం తెల్లగా ఉంది, రెండో సగం నీడగా ఉంది.

తిప్పాయి తల ఎత్తి ఆకాశంలోకి చూసింది. నడినెత్తిన చంద్రుడు. సగం! అదీ పడమటి వైపు సగమే! కుండను చూసింది. చంద్రుణ్ణి చూసింది. మళ్లీ కుండను చూసింది.

"చిట్టీ, ఆగకు! నడువు!" అందామనుకుంది. కానీ దానికి వచ్చిందల్లా "కీచ్!"

చిట్టి నడిచింది. కుండ తెలుపు పెరిగింది, పెరిగింది. చిట్టి తూర్పుకు వచ్చింది. ఇప్పుడు సూర్యుడు తిప్పాయి వీపు వెనక ఉన్నాడు. కుండ మొత్తం తెల్లగా అవ్వాలి. కానీ టక్కున నల్లబడింది!

"అయ్యో!"

తిప్పాయి కొంచెం జరిగింది. కుండ మీద నీడా జరిగింది. ఆ నీడకు రెండు చెవులున్నట్టు, గుండ్రటి తల ఉన్నట్టు ఉంది. "అరె, నా నీడే!"

చిట్టికి చేయి నొప్పి పుట్టి కర్ర ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది. కుండ నీడలోంచి బయటపడింది. గుండ్రంగా, తెల్లగా, నిండుగా, పున్నమి చంద్రుడిలా ఉంది.

చిట్టి ఉత్తరం వైపు తిరిగింది. కుండలో తెలుపు తగ్గుతూ వచ్చింది. సగమైంది. వంకైంది. పడమటికి వచ్చేసరికి మళ్లీ నల్లబడింది.

ఇంతసేపూ కుండను ఎవరూ కొరకలేదు. ఎవరూ అతికించలేదు. సూర్యుడి వైపున్న సగం తెల్లగానే ఉంది. చిట్టి ఎక్కడ నిలబడితే అక్కణ్ణుంచి తిప్పాయికి ఆ తెలుపు కొంచెమో, సగమో, పూర్తిగానో కనిపించింది. అంతే.

"అయితే," అనుకుంది తిప్పాయి, "చంద్రుడూ నా చుట్టూ తిరుగుతున్నాడు. ఈ రోజు నడినెత్తిన ఉన్నాడు. చిట్టి లాగే తూర్పుకు వెళ్లాలి. వెళ్లిన రోజున సూర్యుడు ఇటు, చంద్రుడు అటు. ఆ రోజు నిండుగా ఉంటాడు."

వారం రోజులు సాయంత్రమయ్యేసరికి మోడెక్కి కూర్చుంది. చంద్రుడు రోజూ కాస్త తూర్పుకు జరిగాడు, రోజూ కాస్త లావెక్కాడు. ఏడో రోజునో ఎనిమిదో రోజునో, సూర్యుడు పడమట సగం మునిగి ఉండగా తిప్పాయి ఒళ్లు కదపకుండా తల ఒక్కటే గిర్రున వెనక్కి తిప్పింది. తూర్పున చేల మీదుగా చంద్రుడు లేస్తున్నాడు. గుండ్రంగా, నిండుగా.

పక్క చేలో దిష్టికుండ నిలబడి ఉంది. దాని మీద మసి బొట్లున్నాయి. తిప్పాయి చంద్రుణ్ణి పరీక్షగా చూసింది.

"ఓహో. నీకూ బొట్లు పెట్టారా?"

ఇదీ కథ. నెమ్మదిగా చెబితే ఆరేడు నిమిషాలు పడుతుంది. పోటీకి కుదించాలంటే గూబ రాత్రులు మేలుకునే భాగం రెండు వాక్యాలు చేయండి. కుండ భాగంలో మాత్రం ఒక్క అడుగూ తీసేయకండి.

ఇప్పుడు ఏది ఎందుకో చెబుతాను.

మొదట రాసినప్పుడు నా గూబ కదలకుండా కూర్చోలేదు. చేలో పాతిన కుండ చుట్టూ అదే ఎగిరేది. ఒక పక్కనుంచి తెల్లగా, ఇంకో పక్కనుంచి సగంగా, వెనకనుంచి నల్లగా కనిపించేది. నాకు చాలా బాగుందనిపించింది. ఆరో తరగతి పిల్లవాడొకడు చేయి ఎత్తి, "మరి మనం చంద్రుడి చుట్టూ ఎగరట్లేదు కదా మాస్టారూ?" అన్నాడు. నా దగ్గర జవాబుంది కానీ కథలో లేదు. ఆ రాత్రే కథ తిరగరాశాను. గూబను కదలకుండా కూర్చోబెట్టి, కుండను దాని చుట్టూ తిప్పించాను. నిజంగా జరిగేది అదే. మనం మధ్యలో ఉంటాం, చంద్రుడు మన చుట్టూ తిరుగుతాడు, సూర్యుడు ఒక పక్కనుంచి వెలుగు వేస్తుంటాడు.

అలా మార్చాక గుడ్లగూబే ఎందుకన్న ప్రశ్నకూ జవాబు దొరికింది. గూబ కళ్లు గుండ్రటి గుడ్లు కావు, పొడుగాటి గొట్టాల్లా ఉండి పుర్రెలో బిగుసుకుపోయి ఉంటాయి. మనలా కళ్లు అటూ ఇటూ తిప్పలేదు. దానికి బదులు మెడను ఒక్కో వైపుకు 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. మనకు మెడలో 7 ఎముకలుంటే దానికి 14. ఒకచోట కూర్చుని చుట్టూ తిరిగేదాన్ని చూడటానికి ఇంతకంటే తగిన ప్రాణి ఏముంటుంది? మీ కథలో గుడ్లగూబ తీసి కుందేలును పెట్టినా కథ నడుస్తోందంటే, గుడ్లగూబకు అక్కడ పనిలేదన్నమాట. ఇందులో తీసి చూడండి, నడవదు.

ఇంకో కారణం కూడా ఉంది. పిల్లలు రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు కాబట్టి వాళ్లు చూసేది ఎక్కువగా పెరిగే చంద్రుణ్ణే. తరిగే చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమి నాటికి అర్ధరాత్రి అవుతుంది. ఆ చంద్రుణ్ణి చూసేది గుడ్లగూబ, లేదంటే నైట్ డ్యూటీ చేసేవాళ్లు. అందుకే కథలో గూబ దొంగను పట్టుకోవడానికి మేలుకునే భాగం పెట్టాను. అమావాస్య నాడు చంద్రుడు ఎక్కడికీ పోడు, పగలంతా సూర్యుడితో పాటే ఆకాశంలో ఉంటాడు. వెలిగే సగం పూర్తిగా అటు తిరిగి ఉంటుంది, పైగా సూర్యుడి వెలుగు. గూబేమో పగలు నిద్రపోతుంది. దాని లెక్కలో "చంద్రుడే లేడు."

ఇక నీడ సంగతి. మీరు పొరపాటుపడ్డది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కునే పడుతుంది. నెలవంక కనిపించేదేమో సూర్యుడు మునిగిన వైపే, ఆయనకు కాస్త పైన. అంటే భూమి నీడ ఒక దిక్కున ఉంటే నెలవంక ఇంకో దిక్కున ఉంటుంది. మరి దాని మీద నీడ ఎలా పడుతుంది? దీన్ని పాపకు చూపించడం చాలా తేలిక. సాయంత్రం ఎండలో నిలబెట్టి, "నీ నీడ ఎటు పడింది? నెలవంక ఎటుంది?" అని అడగండి. నీడ తూర్పున, వంక పడమట.

చంద్రుడు భూమి నీడకు దగ్గరగా వచ్చేది ఒక్క పున్నమి నాడే. అందుకే కథలో చిట్టి తూర్పుకు వచ్చినప్పుడు కుండ నల్లబడింది. మొదట్లో ఈ భాగం కథలో లేదు. ఒకసారి గదిలో బల్బు పెట్టి, బంతితో చేసి చూపిస్తున్నాను. పున్నమి చోటికి వచ్చేసరికి నా తల నీడ బంతి మీద పడింది. నేనేమో గబుక్కున చేయి పైకెత్తి కప్పిపుచ్చబోయాను. ముందు వరుసలో ఒక అమ్మాయి పట్టేసింది. "అయితే ప్రతి పున్నమికీ గ్రహణం రావాలి కదండీ?" నేను దాచబోయిందే అసలు విషయం. చంద్రుడు తిరిగే దారి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే ఎక్కువ పున్నములకు ఆయన నీడకు పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు. ఎప్పుడో సరిగ్గా దొరికినప్పుడే గ్రహణం. చిట్టి చేయి నొప్పి పుట్టి కర్ర పైకెత్తడం ఆ 5 డిగ్రీల కోసమే. కథలో ఆ అంకె చెప్పనక్కర్లేదు. ఎవరైనా పిల్ల అడిగితే మీ దగ్గర జవాబు ఉంటే చాలు.

చిట్టి నడిచే వైపు కూడా ఆషామాషీగా పెట్టింది కాదు. పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేదానికి ఇది సరిగ్గా ఎదురు. చంద్రుడు భూమి చుట్టూ తిరిగేది ఇటే. అందుకే సాయంత్రం చూస్తే విదియ నాడు పడమట, అష్టమి నాడు నడినెత్తి ప్రాంతంలో, పున్నమి నాడు తూర్పున కనిపిస్తాడు. మన పిల్లలను గుండ్రంగా తిరగమంటే అలవాటుగా ప్రదక్షిణే మొదలుపెడతారు. అప్పుడు ముందు కృష్ణపక్షం ఆకారాలు వస్తాయి, వెలుగు రెండో అంచున కనిపిస్తుంది. కొంప మునిగేదేం లేదు కానీ, ఆకాశంలో ఉన్న చంద్రుడితో పోల్చినప్పుడు తేడా వస్తుంది. ఇక్కడొక సందేహం రావచ్చు, చంద్రుడు రోజూ తూర్పున లేచి పడమటికే పోతాడు కదా అని. అది భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కనిపించేది. అందుకే కథలో గూబ రోజూ ఒకే వేళకు చూస్తుంది. ఒకే వేళకు చూస్తేనే తూర్పుకు జరగడం తెలుస్తుంది.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కుండా చంద్రుడూ ఒకేలా ఉండే క్షణం. అది కల్పన కాదు, మీరూ చూడొచ్చు. శుక్ల సప్తమి నుంచి దశమి లోపు ఏదో ఒక రోజు సాయంత్రం నాలుగు, నాలుగున్నర మధ్య మీ మేడ మీదికి వెళ్లండి. ఎండ ఉండాలి, తూర్పు వైపు ఆకాశంలో పగటి చంద్రుడు తెల్లగా కనిపించాలి. తెల్లని ప్లాస్టిక్ బంతిని చేయి చాచి, చంద్రుడి పక్కనే ఉన్నట్టు కనిపించేలా పట్టుకోండి. బంతి మీద ఎండ నేరుగా పడాలి. చంద్రుడు ఏ ఆకారంలో ఉన్నాడో బంతి మీద వెలుగూ అదే ఆకారంలో ఉంటుంది, వాలు కూడా అదే. సూర్యుడు చాలా దూరంలో, 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలోనే. అందుకే బంతికీ చంద్రుడికీ వెలుగు దాదాపు ఒకే వైపునుంచి వస్తుంది. మా మేడ మీద దీన్ని మొదటిసారి చూసిన పిల్లలు బంతి లాక్కోవడానికి కొట్టుకున్నారు. నిమ్మకాయతోనూ చేయొచ్చు కానీ, పసుపు రంగు మీద నీడ అంచు అంత స్పష్టంగా తెలియదు.

ఒక జాగ్రత్త. అమావాస్య స్థానం చూపించాలని పాపను సూర్యుడి వైపు తిప్పి బంతి చూడమనకండి. కళ్లకు ప్రమాదం. ఆ భాగం చీకటి గదిలో బల్బుతో చేసుకోండి.

బొమ్మలు వేయించేట్టయితే ఇంకో మాట. నా కథ ఒకటి ఒక పిల్లల పత్రికలో వచ్చినప్పుడు, దాన్ని తెరిచి చూసి తల పట్టుకున్నాను. అర్ధరాత్రి సీన్‌లో ఆకాశం మధ్యలో సన్నటి నెలవంక, దాని రెండు కొమ్ముల మధ్య ఒక చుక్క! తదియ చంద్రుడు రాత్రి తొమ్మిదిన్నర లోపే అస్తమిస్తాడు, అర్ధరాత్రి దాకా ఉండడు. కొమ్ముల మధ్య ఉన్నది ఖాళీ ఆకాశం కాదు, చంద్రుడి చీకటి భాగమే. చుక్క చంద్రుడి ముందుకు ఎలా వస్తుంది? ఆ బొమ్మ చూసిన పిల్లలు చంద్రుణ్ణి నిజంగానే ఎవరో కొరికేశారనుకుంటారు. విదియ, తదియల్లో శ్రద్ధగా చూస్తే ఆ చీకటి భాగం బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది కూడా. అది మన భూమి మీదనుంచి అక్కడికి వెళ్లి పడే వెలుగు. ఇంకోటి, విదేశీ బొమ్మల్లో నెలవంక నిలువుగా ఉంటుంది. మన దగ్గర, ముఖ్యంగా మాఘ ఫాల్గుణాల్లో, సాయంత్రపు వంక కృష్ణలో పడవలా వెల్లకిలా పడుకుని ఉంటుంది. మిరప కళ్లాలూ ఆ రోజుల్లోనే కాబట్టి మీ బొమ్మలో పడవ వంకే వేయించండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండు అభ్యంతరాలు రావచ్చు. నాకు రెండూ వచ్చాయి. ఒక మామ్మగారు సాయంత్రం పూట గుడ్లగూబ కథలేంటని గట్టిగానే కోప్పడ్డారు. లక్ష్మీదేవి వాహనం కదండీ అంటే కొంచెం మెత్తబడ్డారు, చేలల్లో ఎలుకల్ని తినేది అదేనంటే పూర్తిగా ఊరుకున్నారు. వాళ్లది వ్యవసాయ కుటుంబం లెండి. రెండోది, దక్షుడి శాపం వల్ల చంద్రుడు క్షీణిస్తాడన్న కథ పిల్లలకు అప్పటికే తెలిసి ఉండటం. దాన్ని కొట్టిపారేయకండి. ఆ కథ ఆ కథే. కానీ రెండింటినీ ఒకే కథలో కలపకండి, పిల్లలు శాపం వల్ల కుండ నల్లబడిందంటారు. నాకు అలాగే అప్పజెప్పారు.

చివరిగా స్టేజి సంగతి, ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది. పాప స్టేజి మీద నిలబడి బంతిని గుండ్రంగా తిప్పితే ఎవరికీ ఏ ఆకారమూ కనపడదు. ఎందుకంటే చూసేవాళ్లు మధ్యలో లేరు, ఒక పక్కన ఉన్నారు. వాళ్లు గూబ స్థానంలో ఉండాలి. నేను చేసే పద్ధతి ఇది. తెల్లని ప్లాస్టిక్ బంతి ఒకటి తీసుకుని సరిగ్గా సగానికి నల్ల రంగు వేయండి. అప్పుడు చీకటి గది, బల్బు ఏమీ అక్కర్లేదు. హాల్లో ఒక కిటికీని సూర్యుడనుకోండి. పాప బంతిని కర్రకు గుచ్చి, జడ్జీలు కూర్చున్న బల్ల చుట్టూ నడుస్తూ కథ చెప్పాలి. తెల్ల ముఖం ఎప్పుడూ కిటికీ వైపే ఉండాలి. ఇదొక్కటే రూల్. మామూలుగా మనం నడిచేటప్పుడు చేతిలో ఉన్నది మనతో పాటే తిరిగిపోతుంది కాబట్టి, నడుస్తూ ఉండగానే మణికట్టుతో కర్రను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుకుంటూ ఉండాలి. నాలుగైదు సార్లు ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రాక్టీస్ చేయిస్తే వచ్చేస్తుంది. మధ్యలో మీరు కూర్చోండి, ఎక్కడ తప్పిందో మీకే ముందు తెలుస్తుంది. జడ్జీల వెనక్కి వెళ్లినప్పుడు వాళ్లు మెడ తిప్పి చూడలేక కుర్చీలో ఇబ్బంది పడతారు. అప్పుడు పాప ఆగి, "మీరూ తిప్పాయి అయితే బాగుండేది కదా?" అనాలి. ఆ డైలాగ్ నాది కాదు, మా మేడ మీద ఒక మూడో తరగతి పిల్ల అప్పటికప్పుడు అన్నది. అప్పటినుంచి కథలో అలాగే ఉంచేశాను.